సి షిఫ్టులో నా పేరు

(మన కాలేజీ పూర్వ విద్యార్థుల రోజున 1997 బ్యాచ్ మెకానికల్ విద్యార్థిని ఇచ్చిన ప్రధాన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని రాసింది. తడబాట్లు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. ప్రిన్సిపల్ గారికి, మాస్టార్లకి, ఇదిగో ముందు వరసలో కూర్చుని అప్పుడే ఆవలిస్తున్న మా బ్యాచ్ వాళ్ళకి కూడా నమస్కారం. ఒరేయ్, ఇంకా మొదలే పెట్టలేదు.

నన్ను పిలిచినప్పుడు "ఇంజినీరింగ్‌లో మహిళలు" అని టాపిక్ ఇచ్చారు. మరీ పెద్ద టాపిక్. అంతా చెప్పాలంటే సాయంత్రం దాకా ఇక్కడే కూర్చోవాలి. నేను ఒక్క కాగితం గురించే మాట్లాడతాను. షిఫ్ట్ రోస్టర్ అనే కాగితం, ఎవరు ఏ వేళ డ్యూటీకి రావాలో రాసిపెట్టేది. మీలో ఎంతమంది చూశారు? ఎవరూ చూళ్ళేదు కదా. చూడరు. కాలేజీలో ఎవరూ చూపించరు. మాకూ చూపించలేదు.

ముందు మన దగ్గర లెక్క ఎలా ఉందో చెప్తాను. దేశం మొత్తం మీద ఇంజినీరింగ్ డిగ్రీ చదివేవాళ్ళలో ఆడపిల్లలు సుమారు 29 శాతం. మన ఎంసెట్‌లో, ఇప్పుడు పేరు మార్చారు కానీ నాకు నోటికి ఎంసెటే వస్తుంది, ప్రతి బ్రాంచిలోనూ ఆడపిల్లలకి మూడో వంతు సీట్లు. ఐఐటీల్లో 2016 ప్రాంతంలో 8 శాతమే ఉండేవాళ్ళు. 2018 నుంచి ఆడపిల్లల కోసం అదనపు సీట్లు పెట్టారు. అవి 14 శాతంతో మొదలై 2020కి 20 శాతానికి వచ్చాయి. అంటే ఏమిటి? గేటు దగ్గర పని జరుగుతోంది. నిదానంగానే అనుకోండి, జరుగుతోంది. నేను చెప్పేది గేటు దాటి, డిగ్రీ చేతికొచ్చి, హెల్మెట్ పెట్టుకున్నాక జరిగే సంగతి.

మా క్లాసులో అరవై మందిమి. అందులో ఆడపిల్లలం నలుగురం. వర్క్‌షాప్‌లో ఫైలింగ్ చేస్తుంటే చున్నీ వైస్‌లో ఇరుక్కుంటుందని మాస్టారు రోజూ కేకలేసేవారు. ఆయన కేకలేసింది చున్నీ మీదే, మా మీద కాదు. ఆ తేడా చాలా ఏళ్ళకి గానీ నాకు తెలియలేదు.

1998లో నాకు ఒక థర్మల్ స్టేషన్‌లో ఉద్యోగం వచ్చింది. ఎక్కడ, ఎవరిది అని అడక్కండి, పేరు చెప్పను. ఆ ఏడు ఇరవై రెండు మంది ట్రైనీలం చేరాం. ఆడపిల్లని నేనొక్కదాన్నే. ఆర్నెల్లు శిక్షణ. బాయిలర్ డ్రమ్ము నుంచి బూడిద చెరువు దాకా కాళ్ళరిగేలా తిరిగాం. 210 మెగావాట్ల యూనిట్. టర్బైన్‌కి వెళ్ళే ఆవిరి 540 డిగ్రీల వేడి, చదరపు సెంటీమీటరుకి 150 కిలోల ఒత్తిడి. మొదటిసారి ఆ పైపు పక్కన నిలబడ్డప్పుడు ఒళ్ళు జలదరించింది. ఉద్యోగమంటే ఇదీ అనుకున్నాను.

ఆర్నెల్లయ్యాక రోస్టర్ వచ్చింది. ఎ షిఫ్టు పొద్దున్న ఆరు నుంచి రెండు. బి షిఫ్టు రెండు నుంచి రాత్రి పది. సి షిఫ్టు పది నుంచి పొద్దున్న ఆరు. నాలుగు బ్యాచ్‌లు మారుతూ నడుపుతాయి. ఇరవై ఒక్క పేర్లు ఆ నాలుగు బ్యాచ్‌ల్లో సర్దేశారు. నా పేరు కాగితం అడుగున విడిగా ఉంది. ఎదురుగా "జనరల్" అని రాశారు. అంటే తొమ్మిది నుంచి అయిదున్నర. ప్లానింగ్ సెల్. పని ఆర్డర్లు, స్పేర్ పార్టుల ఇండెంట్లు, డ్రాయింగులు.

నేనేమన్నా గొడవ పెట్టుకున్నానా? లేదు. నిజం చెప్తున్నాను, సంతోషించాను. మా అమ్మ దేవుడికి కొబ్బరికాయ కొట్టింది. షిఫ్టు ఇన్‌ఛార్జి చాలా మంచివాడు. "అమ్మా, ఈ రాత్రిళ్ళు, ఈ బొగ్గు దుమ్ము నీకెందుకమ్మా, హాయిగా ఫ్యాను కింద కూర్చో" అన్నాడు. నాకు చెడు చేద్దామని అన్న మాట కాదది. అక్కడ నాకు చెడు చేద్దామనుకున్నవాడు ఒక్కడూ లేడు. ఈ కథలో విలన్ లేడు, ముందే చెప్తున్నా. విలన్ లేని సినిమా మన వాళ్ళకి ఆడదని తెలుసు, అయినా వినండి.

రాత్రి షిఫ్టులో ఏముంది? అదే జీతం, పైన కాస్త అలవెన్సు. లేకపోతే పోయిందేముంది? చాలా ఏళ్ళు నేనూ అలాగే అనుకున్నాను. పవర్ స్టేషన్‌లో అసలు పని రాత్రే నేర్చుకుంటాం. ఎందుకంటే పగలు కరెంటు వాడకం ఎక్కువ కాబట్టి యూనిట్‌ని ఆపనివ్వరు. ట్యూబు కారుతున్నా సరే, "ఎలాగోలా రాత్రి దాకా లాగండి" అంటారు. యూనిట్‌ని దించేది రాత్రి. మళ్ళీ వెలిగించి, తెల్లారేసరికి లోడు మీదికి తేవాల్సింది కూడా రాత్రే. చల్లబడ్డ యూనిట్‌ని లేపాలంటే ఎనిమిది, పది గంటలు పడుతుంది. డ్రమ్ము లోహం, టర్బైన్ కేసింగు మెల్లమెల్లగా వేడెక్కాలి, తొందరపడితే పగుళ్ళు వస్తాయి. పైగా పగలైతే చీఫ్ ఇంజినీర్ నుంచి అందరూ వెనకాలే నిలబడి ఉంటారు, నిర్ణయం వాళ్ళు తీసుకుంటారు. రాత్రి రెండింటికి కంట్రోల్ రూమ్ డెస్కు మీద ఉన్నవాడే తీసుకోవాలి. ఆపరేషన్ ఇంజినీరు తయారయ్యేది అక్కడ.

ఐదేళ్ళు గడిచాయి. 2003లో ఆపరేషన్ విభాగంలో ప్రమోషన్‌కి ఇంటర్వ్యూ జరిగింది. నాతో చేరినవాళ్ళందరం వెళ్ళాం. ముగ్గురు పెద్దలు కూర్చున్నారు. ఒకాయన చాలా మర్యాదగా అడిగాడు. "అమ్మా, ఇప్పటికి కోల్డ్ స్టార్టప్‌లు ఎన్ని చేశావు?"

సున్నా.

"హాట్ స్టార్టప్‌లు?" సున్నా. "పోనీ యూనిట్ ట్రిప్ అయినప్పుడు, అంటే ఉన్నట్టుండి ఆగిపోయినప్పుడు, డెస్కు మీద ఎప్పుడైనా ఉన్నావా?" లేను. ఆయన ఫైలు మూసి "ప్లానింగ్‌లో నీ రికార్డు చాలా బాగుందమ్మా" అన్నాడు. నా వెనకాల వెళ్ళిన అబ్బాయికి పద్దెనిమిది స్టార్టప్‌లున్నాయి. మార్కుల్లో నాకంటే వెనకబడ్డవాడే. వాణ్ణి తీసుకున్నారు. మీరు ఆ కుర్చీలో ఉంటే ఎవర్ని తీసుకుంటారు? నేనైనా వాణ్ణే తీసుకుంటాను. చూశారా, అదీ దీంట్లో ఉన్న మెలిక. ఆ రోజు అన్యాయమేమీ జరగలేదు. జరగాల్సింది ఐదేళ్ళ కిందట, "జనరల్" అని ఒక్క మాట రాసినప్పుడే జరిగిపోయింది.

బాయిలర్ ఆపరేషన్ ఇంజినీర్ పరీక్ష అని ఒకటుంది, బీఓఈ అంటారు. పెద్ద బాయిలర్ బాధ్యత తీసుకోవాలంటే ఆ సర్టిఫికెట్ ఉండాలి. పరీక్షకి అప్లై చెయ్యాలంటే బాయిలర్ నడిపిన అనుభవం చూపించాలి. పుస్తకం కంఠతా పడితే రాదు, నడిపుండాలి. నాకెక్కడిది?

అప్పుడు నాకు కోపం వచ్చింది. మేనేజర్ దగ్గరికి వెళ్ళి, సార్, నన్ను షిఫ్టులో వెయ్యండి అన్నాను. ఆయన బీరువా తీసి ఫ్యాక్టరీల చట్టం పుస్తకం బల్ల మీద పెట్టాడు. 1948 నాటి చట్టం, 66వ సెక్షన్. పొద్దున్న ఆరు నుంచి సాయంత్రం ఏడు దాకా తప్ప ఏ స్త్రీనీ ఫ్యాక్టరీలో పని చెయ్యనివ్వకూడదు. రాష్ట్ర ప్రభుత్వం ఆ వేళలు కొంచెం అటూ ఇటూ జరపవచ్చు గానీ రాత్రి పది నుంచి పొద్దున్న ఐదు మధ్య మాత్రం ఎవరూ సడలించడానికి వీల్లేదు. ఇది పవర్ స్టేషన్ కదా, ఫ్యాక్టరీ ఎలా అవుతుంది సార్ అన్నాను. ఆ చట్టం లెక్కలో కరెంటు ఉత్పత్తి కూడా తయారీయే. పాపం, ఆయన తప్పేం లేదు.

పుస్తకం అడిగి ఇంటికి తెచ్చుకున్నాను. రాత్రి కూర్చుని చదివితే ఇంకో వింత కనబడింది. అదే అధ్యాయంలో 64వ సెక్షన్ ఉంది. సూపర్‌విజన్‌లో, మేనేజ్‌మెంట్‌లో ఉన్నవాళ్ళకి ఈ పని గంటల నిబంధనలు వర్తించకుండా మినహాయించవచ్చు అంటుంది. హమ్మయ్య అనుకున్నాను. నేనూ ఇంజినీర్నే కదా. తర్వాత వాక్యం చదివితే, ఆడవాళ్ళ రాత్రిపని నిషేధం ఒక్కటి తప్ప అని ఉంది. అంటే ఆ ఫ్యాక్టరీకి నువ్వే మేనేజరువైనా సరే, ఆడదానివైతే రాత్రి పదికి ఇంటికెళ్ళాల్సిందే. పక్కా ఏర్పాటు.

ఇది మనవాళ్ళు ఒక్కళ్ళే కనిపెట్టింది కాదు లెండి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1919లో పుట్టీ పుట్టగానే చేసిన ఒప్పందాల్లో ఆడవాళ్ళ రాత్రిపని మీద ఒకటి ఉంది. అప్పట్లో మిల్లుల్లో ఆడవాళ్ళని రాత్రీ పగలూ పిండేవాళ్ళు, కాబట్టి ఆ నిషేధానికి అర్థం ఉంది. కానీ పర్యవేక్షణ ఉద్యోగాలు చేసే ఆడవాళ్ళకి కూడా అది వర్తిస్తుందా అని ప్రశ్న వచ్చింది. హేగ్‌లో అప్పట్లో ఉన్న శాశ్వత అంతర్జాతీయ న్యాయస్థానం దాకా వెళ్ళింది. 1932 నవంబరులో అభిప్రాయం చెప్పారు. వర్తిస్తుంది అని. ఎంత తేడాతో? ఆరుగురు అటు, ఐదుగురు ఇటు. ఒక్క జడ్జి! మళ్ళీ 1934లో ఆ ఒప్పందాన్నే సవరించి, బాధ్యత గల మేనేజ్‌మెంట్ ఉద్యోగాల్లో ఉన్న ఆడవాళ్ళని మినహాయించారు. ప్రపంచం 1934లో ఒప్పుకున్నదాన్ని మన చట్టం 1948లో ఒప్పుకోలేదు. ఆ ముక్క నా మీద పడింది 1998లో.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి మన తెలుగావిడ గురించి చెప్పాలి. అయ్యలసోమయాజుల లలిత గారు. మన దేశంలో ఇంజినీరింగ్ చదివిన తొలి మహిళల్లో ఒకరు. మద్రాసులో తెలుగు కుటుంబం. చిన్నప్పుడే పెళ్ళి చేశారు. పద్దెనిమిదేళ్ళకి భర్త పోయాడు, చేతిలో నాలుగు నెలల పాప. వాళ్ళ నాన్న పప్పు సుబ్బారావు గారు గిండీ ఇంజినీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ ప్రొఫెసరు. అక్కడే చేర్పించారు. ఆవిడతో పాటు ఇంకో ఇద్దరు అమ్మాయిలు, తెరేసియా గారు, లీలమ్మ జార్జి గారు సివిల్‌లో చేరారు. సర్టిఫికెట్ ఇచ్చేటప్పుడు దాంట్లో "అతడు" అని అచ్చయి ఉంటే కొట్టేసి "ఆమె" అని రాసిచ్చారట. తర్వాత జమాల్‌పూర్ రైల్వే వర్క్‌షాప్‌లో అప్రెంటిస్ చేసింది. కలకత్తాలో ఒక పెద్ద ఎలక్ట్రికల్ కంపెనీలో సబ్‌స్టేషన్లు, ట్రాన్స్‌మిషన్ లైన్లు డిజైన్ చేసింది. భాక్రా నంగల్ ప్రాజెక్టుకి పనిచేసింది. 1964లో న్యూయార్క్‌లో మహిళా ఇంజినీర్ల, శాస్త్రవేత్తల మొదటి అంతర్జాతీయ సదస్సుకి వెళ్ళొచ్చింది.

ఇదంతా మీరు ఎక్కడైనా చదువుకోవచ్చు. నాకు పట్టుకున్న ముక్క వేరే. ఆవిడ డాక్టరు ఎందుకు చదవలేదో తెలుసా? డాక్టరైతే అర్ధరాత్రి అపరాత్రి పిలుపులు వస్తాయి, పాపని వదిలి వెళ్ళాలి. ఇంజినీరయితే పగటి ఉద్యోగం, సాయంత్రానికి ఇంటికొచ్చెయ్యొచ్చు. అందుకని ఇంజినీరింగ్ ఎంచుకుంది. చూడండి, ఆవిడకి రాత్రి అడ్డం అని తెలుసు. తెలిసి, లెక్క వేసుకుని, పగటిపూట చేసే డిజైన్ పని ఎంచుకుంది. నాకు దాంట్లో ఏ ఫిర్యాదూ లేదు. తను ఎంచుకుంది. నా బదులు ఎవరో ఎంచుకోలేదు. ఆ కాగితం మీద "జనరల్" అని రాసేముందు నన్నెవరూ అడగలేదు. నాకు కడుపులో తిప్పింది అందుకే.

సరే, కథలోకి వద్దాం. 2000 డిసెంబరులోనే మద్రాసు హైకోర్టు ఆ 66వ సెక్షన్లోని రాత్రి నిషేధాన్ని కొట్టేసింది, రాజ్యాంగానికి విరుద్ధమని. 2002లో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కూడా కొట్టేసింది. అంటే నేను ఇంటర్వ్యూలో సున్నా, సున్నా అని చెప్తున్న నాటికే ఆ సెక్షన్ మన రాష్ట్రంలో చెల్లదు! మా మేనేజర్‌కి తెలియదు, నాకూ తెలియదు. ఆయన బీరువాలో ఉన్నది పాత పుస్తకం. మా యూనియన్‌కి సలహాలిచ్చే లాయరు గారు చెప్తే తెలిసింది. ఆ పోరాటం చేసినవాళ్ళు ఇంజినీర్లు కారండోయ్, మామూలు కూలికి పనిచేసే ఆడవాళ్ళు. వాళ్ళకి రాత్రి షిఫ్టు అంటే ఉద్యోగం ఉండటమా, ఊడటమా అన్న ప్రశ్న. వాళ్ళు గెలిస్తే నాకు కలిసొచ్చింది.

తీర్పు కాపీ పట్టుకెళ్ళి ఇచ్చాను. ఇక అప్పుడు మొదలయ్యాయి అసలు సమస్యలు. వ్యాన్ లేదు. కంట్రోల్ రూమ్‌లో ఆడవాళ్ళకి బాత్రూమ్ లేదు. ఉన్నది అడ్మిన్ బిల్డింగ్‌లో, అరకిలోమీటరు పైన ఉంటుంది, సాయంత్రం ఆరింటికి తాళం. ఒక్కదాని కోసం కట్టాలా అన్నారు. ఇంకో చిత్రం వినండి. మద్రాసు తీర్పు పెట్టిన షరతుల్లో ఒకటేమంటే, రాత్రి షిఫ్టులో ఆడవాళ్ళు పదిమందికి తగ్గకుండా ఉండాలి, మొత్తంలో మూడింట రెండు వంతులు వాళ్ళే ఉండాలి. మిల్లులో అది రక్షణే. కంట్రోల్ రూమ్‌లో అందరం కలిపితేనే ఆరుగురం! పదిమంది ఆడ ఇంజినీర్లని ఎక్కడ తేవాలి? రాష్ట్రమంతా వెతికినా ఆ రోజుల్లో దొరకరు. అది పక్క రాష్ట్రం తీర్పు అయినా మావాళ్ళు దాన్ని పట్టుకున్నారు. మిల్లు చూసి కుట్టిన చొక్కా మాకు తొడగబోయారు.

చివరికి మేనేజర్ అన్నాడు, "మీ నాన్నగారి దగ్గర అభ్యంతరం లేదని రాయించుకు రామ్మా" అని. నాకప్పుడు ఇరవై ఎనిమిదేళ్ళు. ఓటు హక్కుంది. పెళ్ళయింది, కావాలంటే మా ఆయన చేత కూడా రాయిస్తానన్నాను. "ఇద్దరి చేతా రాయించు" అన్నాడు.

మా నాన్న ఆర్టీసీలో కండక్టరు. కాగితం అడిగి, తెల్లకాగితం మీద నాలుగు లైన్లు రాశాడు. ఇప్పటికీ నా దగ్గరుంది, చదువుతాను. "మా అమ్మాయి రాత్రి డ్యూటీ చేయుటకు నాకు ఏ అభ్యంతరము లేదు. నేను ఇరవై ఆరు సంవత్సరములు నైట్ అవుట్ డ్యూటీ చేసితిని. మా ఇంట్లో రాత్రి డ్యూటీ కొత్త కాదు." కింద సంతకం, పక్కన బ్యాడ్జి నంబరు కూడా వేశాడు. మేనేజర్ అది చదివి నవ్వి సంతకం పెట్టేశాడు.

2004 జనవరి. మొదటి సి షిఫ్టు. కంట్రోల్ రూమ్ పక్కన పాత రికార్డుల గది ఖాళీ చేసి బాత్రూమ్ చేశారు. తలుపుకి గడియ లేదు, మా ఎలక్ట్రీషియన్ ఒక బోల్టు బిగించిపెట్టాడు. వ్యాన్ వచ్చింది. మొదటి వారం అంతా ప్రశాంతం. గంటగంటకీ రీడింగులు రాసుకోవడం, టీ తాగడం, నిద్ర ఆపుకోవడం. ఇంతేనా అనిపించింది.

తొమ్మిదో రాత్రి. మూడు దాటింది. డీఎం వాటర్, అంటే బాయిలర్ కోసం శుద్ధి చేసిన నీళ్ళు, మామూలు కంటే ఎక్కువ పడుతోంది. ముందు రీడింగు చూశాను, అప్పుడు కూడా కొంచెం ఎక్కువే. తర్వాత డ్రమ్ములోకి వెళ్తున్న నీటి లెక్క, బయటికొస్తున్న ఆవిరి లెక్క పక్కపక్కన పెట్టాను. రెండూ దాదాపు సమానంగా ఉండాలి. గంటకి ఇరవై టన్నులు పైన తేడా ఉంది. డ్రమ్ము లెవెల్ మాత్రం నిలకడగానే ఉంది, ఎందుకంటే ఆటోమేటిక్ కంట్రోల్ ఎంత కావాలంటే అంత నీళ్ళు తోస్తోంది. ఇక్కడే చాలామంది మోసపోతారు. లెవెల్ బాగుంది కదా అని ఊరుకుంటారు. ఆ ఆటోమేటిక్ జబ్బుని దాచిపెడుతుంది. ఫర్నేస్ నుంచి పొగని బయటికి లాగే ఐడీ ఫ్యాన్ల కరెంటు చూస్తే, గంట కిందటి కంటే పది ఆంపియర్లు పెరిగింది. అంటే ఫర్నేస్ నుంచి లాగాల్సిన వాయువు పెరిగింది. బొగ్గు పెంచలేదు, గాలి పెంచలేదు. మరి పెరిగిందేమిటి? ఆవిరి. లోపలెక్కడో ట్యూబు పగిలింది.

షిఫ్టు ఇన్‌ఛార్జికి చెప్పాను. ఎక్కడ అన్నాడు. బాయిలర్‌లో ట్యూబులు కిలోమీటర్ల కొద్దీ ఉంటాయి. అప్పుడు నా ఐదేళ్ళ ఫ్యాను కింద ఉద్యోగం పనికొచ్చింది చూడండి. అంతకు ముందు ఏడాది ఓవర్‌హాల్‌లో ఎకనమైజర్, అంటే డ్రమ్ములోకి వెళ్ళేముందు నీళ్ళని వేడిచేసే భాగం, దాని ఎడమ పక్క ట్యూబుల మందం కొలిచిన షీట్లు నేనే ఫైల్ చేశాను. మన బొగ్గులో బూడిద నలభై శాతం దాకా ఉంటుంది, అది ఇసుక కాగితంలా ట్యూబుల్ని గీకేస్తుంది. ఆ మూల వంపులు బాగా అరిగిపోయాయని, మార్చడానికి సరుకు రాలేదని, ఇండెంటు పెట్టింది కూడా నేనే. సార్, ఎకనమైజర్ ఎడమ పక్క చూడమనండి అన్నాను. ఫీల్డ్ ఆపరేటర్ పైకి వెళ్ళి తనిఖీ తలుపు దగ్గర చెవి పెట్టి విన్నాడు. వాకీటాకీలో అతని మాట కంటే ముందు ఆ చప్పుడు వినబడింది, ప్రెషర్ కుక్కర్ విజిల్ ఆగకుండా వేస్తే ఎలా ఉంటుందో అలా.

ఇప్పుడు ఏం చెయ్యాలి? తెల్లారేదాకా లాగుదామా, ఇప్పుడే దించుదామా? లాగొచ్చు, యూనిట్ నడుస్తూనే ఉంది. కానీ పగిలిన ట్యూబు నుంచి వచ్చే జెట్ పక్క ట్యూబుని కత్తిలా కోస్తుంది. అది పగిలి ఇంకోదాన్ని. ఇప్పుడు దించితే ఒక ట్యూబు, పొద్దున్న దించితే నాలుగైదు. ఇన్‌ఛార్జి గ్రిడ్ చూసే లోడ్ డిస్పాచ్ వాళ్ళకి ఫోన్ చేసి, నావైపు తిరిగి "దించమ్మా" అన్నాడు. లోడు తగ్గించుకుంటూ వచ్చి నాలుగున్నరకి యూనిట్‌ని గ్రిడ్ నుంచి విడదీశాం. చల్లారాక లోపలికెళ్ళి చూస్తే మూడో వంపు దగ్గర ఒక ట్యూబు పగిలింది, పక్కది సన్నగా కోత పడింది. రెండు ముక్కలు కోసి, కొత్తవి పెట్టి వెల్డింగు చేసి, రేడియోగ్రఫీ తీసి, నీళ్ళు నింపి హైడ్రో టెస్టు చేశారు. మూడో రోజు రాత్రి మళ్ళీ నాదే సి షిఫ్టు. ఆయిల్ గన్నులు వెలిగించడం నుంచి టర్బైన్‌ని నిమిషానికి మూడు వేల చుట్లకి తెచ్చి గ్రిడ్‌తో సింక్రనైజ్ చేసేదాకా డెస్కు మీద నేనే. లాగ్ బుక్కులో నా చేత్తో రాశాను. నా మొదటి స్టార్టప్ అది.

మిగతాది త్వరగా చెప్పేస్తాను. 2006లో బాబు పుట్టాడు. అప్పట్లో ప్రసూతి సెలవు పన్నెండు వారాలే. 2017 నుంచి ఇరవై ఆరు వారాలు, యాభైమంది గానీ అంతకంటే ఎక్కువ గానీ పనిచేసే చోట పిల్లల్ని చూసే గది కూడా పెట్టాలి. నేను తిరిగి వెళ్ళి, ఒక ఏడాది పాటు సి షిఫ్టు వద్దు సార్ అన్నాను. ఒక ఏడాది. నాకు మళ్ళీ "జనరల్" అని రాసేశారు, గడువు రాయలేదు. బయటికి రావడానికి మూడేళ్ళు పట్టింది. అందుకే చెప్తున్నా, వెసులుబాటు అడగండి, తప్పేం లేదు, కానీ దానికి ముగింపు తేదీ కూడా కాగితం మీద రాయించుకోండి. తర్వాత బీఓఈ రాశాను, పాసయ్యాను, షిఫ్టు ఇన్‌ఛార్జి అయ్యాను.

అమెరికాలో ఇంజినీరింగ్ డిగ్రీ ఉన్న కొన్ని వేలమంది ఆడవాళ్ళని విస్కాన్సిన్ యూనివర్సిటీ వాళ్ళు, మిల్వాకీలో, అడిగి చూశారు. దాదాపు నలభై శాతం మంది ఆ రంగంలోకి రాలేదు, లేదా వచ్చి వెళ్ళిపోయారు. పిల్లల కోసం మానేశారంటారు కదా మనవాళ్ళు. మానేసినవాళ్ళలో పిల్లలు, కుటుంబం అని చెప్పింది నాలుగో వంతు మంది. సుమారు సగం మంది చెప్పింది పని పరిస్థితులు, ఎదుగుదల లేకపోవడం. నాకు ఆ లెక్క చదివితే నా ప్లానింగ్ సెల్ కుర్చీ గుర్తొచ్చింది. అక్కడ ఇంకో రెండేళ్ళు ఉంటే నేనూ మానేసేదాన్ని. మానేసి, "పిల్లాడి కోసం" అని చెప్పేదాన్ని. అందరూ నమ్మేవాళ్ళు.

ఇక్కడ మైనింగ్ వాళ్ళెవరైనా ఉన్నారా? ఆ చివర చెయ్యెత్తారు. మీది ఇంకా ఘోరం. 1952 గనుల చట్టం 46వ సెక్షన్ ఆడవాళ్ళని భూమి లోపలికే దిగనివ్వలేదు. మేనేజర్ సర్టిఫికెట్ కావాలంటే లోపల చేసిన అనుభవం కావాలి. లోపలికి వెళ్ళనివ్వరు. మళ్ళీ అదే చుట్టు తిరుగుడు. 2019లో టెక్నికల్, సూపర్‌విజన్ పనులకి సడలించారు. 2021లో ఆకాంక్ష కుమారి అనే అమ్మాయి ఝార్ఖండ్‌లో చూరి గనిలో చేరింది, కోల్ ఇండియాలో భూగర్భ గనికి వెళ్ళిన మొదటి మహిళా మైనింగ్ ఇంజినీరు. 1952 నుంచి 2021. లెక్క మీరే వేసుకోండి.

ఇప్పుడు కొత్త కార్మిక కోడ్‌లు వచ్చాయి, 2025 నవంబరు 21 నుంచి. వృత్తి భద్రత కోడ్‌లో 43వ సెక్షన్ ఏమంటుందంటే, ఆడవాళ్ళు అన్ని రకాల సంస్థల్లో అన్ని పనులూ చెయ్యొచ్చు. రాత్రి ఏడు తర్వాత, పొద్దున్న ఆరుకి ముందు చెయ్యాలంటే ఆమె అంగీకారం కావాలి, భద్రత ఏర్పాట్లు ఉండాలి. మంచిదే. నాన్న ఉత్తరం అక్కర్లేదు. కానీ ఆ అంగీకారం అన్న మాట దగ్గర జాగ్రత్త. మగపిల్లాణ్ణి అడగరు, రోస్టర్‌లో వేసేస్తారు. మిమ్మల్ని అడగాలి. అడగడం మర్చిపోతే? చేరిన రోజు నలభై కాగితాల మధ్య ఒకటి పెట్టి "ఇక్కడ టిక్ పెట్టమ్మా" అంటే? మీరు తెలియక వద్దని టిక్ పెడితే, పదేళ్ళ తర్వాత ఇంటర్వ్యూలో ఒకాయన మర్యాదగా అడుగుతాడు, ఎన్ని స్టార్టప్‌లు చేశావమ్మా అని.

రాత్రి షిఫ్టు గొప్పదని నేననను. నిద్ర పాడు, కడుపు పాడు, ఆడకీ మగకీ ఇద్దరికీ పాడే. ఇరవై ఏళ్ళు చేశాను, నాకు తెలుసు. వద్దనుకుంటే డిజైన్‌కి వెళ్ళండి, లలిత గారిలాగా లెక్క వేసుకుని వెళ్ళండి.

వచ్చే నెల ప్లేస్‌మెంట్లు కదా. కోర్ కంపెనీలు వస్తున్నాయని ప్రిన్సిపల్ గారు చెప్పారు. ఇంటర్వ్యూ చివర "మీకేమైనా ప్రశ్నలున్నాయా" అంటారు, అందరూ "నో సార్" అని లేచి వచ్చేస్తారు. మీరు ఒకటి అడగండి. మీ ఆపరేషన్ విభాగం పోయిన నెల షిఫ్ట్ రోస్టర్ చూపిస్తారా అని. చూపిస్తే, సి షిఫ్టు గడిలో ఆడపేర్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. కంట్రోల్ రూమ్ బాత్రూమ్‌కి గడియ ఉందా అని కూడా అడగండి. నవ్వకండి, నిజంగా అడగండి.

నా మొదటి స్టార్టప్ లాగ్ షీట్ జిరాక్సు తెచ్చాను, చూడాలనుకున్నవాళ్ళు భోజనాల దగ్గర రండి. మరకలున్నాయి, అవి టీ మరకలు. నేను ఒలకబోసినవి కావు, మా ఇన్‌ఛార్జి గారివి.